పోస్టర్‌లో పక్షపాతం: విలువా, పరిమితా?

"'నాన్నా, మహాయుద్ధంలో నువ్వేం చేశావ్?' అనే మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ పోస్టర్‌కు చారిత్రక మూలంగా ఉన్న పరిమితి 'పక్షపాతం' అని చరిత్ర పరీక్షలో రాస్తే మార్కులు పోయాయి. ఇంకేం రాయాలండీ?"

ముందు మీ పరిశోధన ప్రశ్నేమిటో తేల్చుకోండి, విలువ, పరిమితి రెండూ దాన్నిబట్టే మారతాయి. మూలం: 1915, పార్లమెంటరీ రిక్రూటింగ్ కమిటీ ప్రచురణ, బొమ్మ శావిల్ లమ్లీది. ఇందులో తేదీయే కీలకం. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టం 1916లో గానీ రాలేదు. అంటే అప్పటికి మగవాళ్లను ఒప్పించే చేర్చుకోవాలి. ఉద్దేశం అక్కడే తెలుస్తుంది: ఒళ్లో కూతురు అడుగుతుంటే, కాళ్ల దగ్గర కొడుకు బొమ్మ సైనికులతో ఆడుతుంటే, జవాబు లేని తండ్రి మనవైపు చూస్తాడు. యుద్ధానికి వెళ్లనివాడిని సిగ్గుపడేలా చేయడమే పని.

'ప్రభుత్వం జనాన్ని ఎలా ఒప్పించాలనుకుంది?' అన్నది మీ ప్రశ్నైతే ఆ పక్షపాతమే విలువ. 'జనం ఎందుకు చేరారు?' అన్నదైతే పోస్టర్ చెప్పలేదు. చూసినవాళ్లు సిగ్గుపడ్డారో, విసుక్కున్నారో అందులో ఉండదు. పరిమితిగా రాయాల్సింది అదే. ఆ లోటు తీర్చడానికి నెలవారీ చేరికల లెక్కలు, సైనికుల ఉత్తరాలు పక్కన పెట్టి చూడండి.