తెలిసిన లెక్కలే టెస్టులో ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. హాస్టల్లో ఉండి జేఈఈ మెయిన్‌కి చదువుతున్నాను. వీకెండ్ టెస్టులో ఫిజిక్స్ మొదలవగానే చేతులకు చెమటలు పట్టి, బుర్ర బ్లాంక్ అయిపోతోంది. బయటికొచ్చాక అవే లెక్కలు వచ్చేస్తున్నాయి. సాయంత్రం నాన్న ఫోన్ చేసి మార్కులెన్ని అంటే ఏడుపొస్తోంది. నాకు చదువు రాదా?

జవాబు: ముందు ఒక పని చెయ్యమ్మా. ఈసారి టెస్ట్ రాసిన సాయంత్రం, కీ చూడకుండా, గడియారం పక్కన పెట్టేసి ఫిజిక్స్ 25 ప్రశ్నలూ మళ్లీ చెయ్యి. టెస్టులో 14 రాసి, 6 ఒప్పు, 8 తప్పు అయ్యాయనుకుందాం. నెగెటివ్ పోగా 16 మార్కులు. తీరిగ్గా చేస్తే ఆ ఎనిమిదిలో 5, వదిలేసిన పదకొండులో 4 వచ్చాయనుకో, అప్పుడు 57 వచ్చేవి. ఆ 41 మార్కుల తేడా టెన్షన్‌ది, టైమ్‌ది. మిగిలిన పది మాత్రం నిజంగా రానివి, వాటికి చదువే మందు. ఈ రెండూ కలిపేసుకుని "నాకేం రాదు" అనుకోవడం వల్లే భయం పెరుగుతుంది.

లెక్క చేస్తున్నప్పుడు సూత్రం, విలువలు, తర్వాతి మెట్టు అన్నీ ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోవాలి. "ఇది రాకపోతే ఎలా" అన్న ఆలోచన సరిగ్గా ఆ చోటులోకే దూరుతుంది. అందుకే మొదటి మొండి ప్రశ్న దగ్గర ఆగిపోకూడదు. 180 నిమిషాలకు 75 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాల లోపే. నిమిషంన్నరలో దారి దొరక్కపోతే `Mark for Review & Next` నొక్కి ముందుకు వెళ్లిపో. సెక్షన్లు నీకు నచ్చిన వరుసలో రాయొచ్చు కాబట్టి కెమిస్ట్రీతో మొదలుపెట్టి, ఫిజిక్స్‌ను రెండోదిగా తీసుకో.

చెమటలు మొదలైతే పెన్ను కింద పెట్టి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదులు. ఐదుసార్లు చాలు, నిమిషం కూడా పట్టదు. వదలడమే ఎక్కువసేపు ఉండాలి, గుండె దడ దానితోనే తగ్గుతుంది. అయితే దీన్ని మొదటిసారి పరీక్ష హాల్లో చేస్తే పని చెయ్యదు. రోజూ స్టడీ అవర్ మొదట్లో చేసి అలవాటు చేసుకో.

నాన్నగారితో ఇలా అను: "నాన్నా, ఆదివారం మార్కులు అడగొద్దు. ఏవి తప్పయ్యాయో చూసుకుని మంగళవారం నేనే చెప్తాను." చెప్పినట్టే మంగళవారం చెయ్యి. లేకపోతే ఆయన కంగారు రెట్టింపవుతుంది. పెద్దవాళ్లు అడిగేది చాలాసార్లు తమ భయం తగ్గించుకోవడానికే.

రెండు వారాలు ఇవి చేసినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా ఇంటికి చెప్పి డాక్టర్‌కి చూపించుకో. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు. అప్పటికప్పుడు వార్డెన్‌కి చెప్పి, 14416 టెలి మానస్‌కి ఫోన్ చెయ్యి. అది ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.