జట్టు పొరపాటును క్లయింటుకు రాసేటప్పుడు పేరు లేకుండా నిజం చెప్పడం ఎలా?

ప్రశ్న: మా జట్టులో ఒకరు చేసిన పొరపాటు వల్ల క్లయింటుకు నష్టం వచ్చింది. మెయిల్ నేను రాయాలి. ఆ వ్యక్తి పేరు బయటపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ పేరు చెప్పకపోతే ఏదో దాస్తున్నట్టు ఉంటుందేమోనని భయం. ఎలా రాయాలి?

జవాబు:

ఇలాంటి మెయిల్ నేను మొదటిసారి రాసినప్పుడు నాలుగు ముసాయిదాలు పట్టాయి. వాటిలో ఏది ఎందుకు పనికిరాలేదో చెబితే మీకు ఉపయోగపడుతుంది.

అప్పుడు మా జట్టు ఒక టోకు వ్యాపార సంస్థ తరఫున బిల్లులు తయారుచేసి పంపేది. కొనుగోలుదారులకు ఎవరికి ఎంత తగ్గింపు ఇవ్వాలో ఆ సంస్థ ప్రతి నెలా ఒక జాబితా పంపేది. ఒక మంగళవారం ఉదయం కొత్త జాబితాకు బదులు కిందటి నెల జాబితా సిస్టంలోకి ఎక్కింది. రెండు ఫైళ్ళ పేర్లకూ చివరి అంకె ఒక్కటే తేడా. మధ్యాహ్నం 3.10కి వాళ్ళ లెక్కల అధికారి ఫోన్ చేసేవరకు మాకు తెలియలేదు. 3.25కి బిల్లులు ఆపాం. అప్పటికే 312 వెళ్ళిపోయాయి.

నా మొదటి ముసాయిదా ఇలా మొదలైంది: "సాంకేతిక కారణాల వల్ల కొన్ని బిల్లుల్లో పొరపాటు జరిగింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." చదవగానే లౌడ్‌స్పీకర్లో వినిపించే ప్రకటనలా ఉంది. "జరిగింది" అనే క్రియ చాలా సౌకర్యమైనది. వాన పడినట్టు, కరెంటు పోయినట్టు పొరపాటు తనంతట తానే జరిగిపోతుంది, చేసినవాళ్ళు ఎవరూ ఉండరు. పేరు చెప్పకూడదనుకునేవాళ్ళు మొట్టమొదట చేరేది ఇక్కడికే, మీరు భయపడుతున్నదీ ఇదే. దాచినట్టు అనిపించేది పేరు లేనందువల్ల కాదు, కర్త లేనందువల్ల. పేరు తీసేసిన చోట "మేము" అని పెట్టండి. "పాత జాబితాను మేము ఎక్కించాం" అన్న వాక్యంలో పేరు లేదు, అయినా తప్పు ఎవరిదన్న సందేహమూ లేదు.

రెండో ముసాయిదా మా సహోద్యోగి ఒకరు రాశారు. అందులో "మన మధ్య సమాచార లోపం వల్ల" అని ఉంది. మర్యాదగా, కలుపుగోలుగా ఉండాలని అలా రాశారు. కానీ "మనం" అంటే క్లయింటు కూడా అందులోకి వస్తారు. వాళ్ళు సరైన జాబితా సరైన రోజునే పంపారు, లోపం వాళ్ళ వైపు రవ్వంత కూడా లేదు. ఆ ఒక్క మాట చూస్తే మేము సగం తప్పు వాళ్ళ మీదికి నెడుతున్నామని అనుకునేవారు. ఇలాంటి మెయిల్‌లో "మేము"కూ "మనం"కూ ఉన్న తేడా ప్రాణంతో సమానం. పంపే ముందు ప్రతి "మన"నూ వెతికి చూడండి.

మూడోది ఇంకా ప్రమాదకరం. "మా బృందంలో కొత్తగా చేరిన ఒకరు ఉదయం షిఫ్టులో..." అని రాశాను. పేరు చెప్పలేదు గానీ ఊరు, వీధి, ఇంటి గుర్తులు అన్నీ చెప్పేసినట్టయింది. మేము ఐదుగురం, క్లయింటు వారానికి రెండుసార్లు మాతో మాట్లాడేవారు. కొత్తవారెవరో, ఉదయం ఎవరుంటారో వాళ్ళకు తెలుసు. తెలుగులో మరో చిక్కుంది. "ఎక్కించాడు", "ఎక్కించింది" అన్న ఒక్క క్రియతోనే చిన్న జట్టులో మనిషి తెలిసిపోతారు. "ఎక్కించారు" అంటే ఆ గుర్తు పోతుంది. అయినా వేలు ఇంకా ఒక మనిషి వైపే చూపుతుంటుంది.

మాటల్లో కాకుండా జోడింపుల్లో పేరు బయటపడే దారులు కూడా ఉన్నాయి, వాటి గురించి చాలామంది ఆలోచించరు. నేను రుజువుగా జతచేయబోయిన స్క్రీన్‌షాట్‌లో ఫైలు ఎక్కించినవారి లాగిన్ పేరు పైమూలలో కనిపిస్తోంది. సరిచేసిన బిల్లుల స్ప్రెడ్‌షీట్‌ వివరాలు తెరిస్తే చివరిసారి మార్చినవారి పేరు ఉంది. ఫార్వర్డ్ చేయబోయిన మెయిల్ కింద ఆ రోజు మేము లోపల మాట్లాడుకున్న మాటలన్నీ ఉన్నాయి. అందుకని స్క్రీన్‌షాట్ మానేసి, అందులోని విషయాన్ని వాక్యాల్లో రాశాను. ఆ స్ప్రెడ్‌షీట్‌లోని విలువలను మాత్రమే కొత్త ఫైలులోకి తీసుకుని, నా పేరుతో సేవ్ చేసి పంపాను. పాత మెయిల్‌కు జవాబుగా కాకుండా కొత్త మెయిల్ మొదలుపెట్టాను. ఇక కాపీలో ఎవరెవరుండాలన్నది. ఎప్పుడూ ఉండే ఐదుగురినీ అలాగే ఉంచాను. ఆ ఒక్కరిని తీసేసినా గుర్తుపడతారు.

వీటన్నిటికంటే ముందు మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది నిజంగా జట్టు తప్పేనా? ఒక మనిషిని కాపాడటానికి "మేము" అని రాస్తే అది అబద్ధం, చదివేవారికి ఆ బోలుతనం తెలుస్తుంది. ఆ ఫైలు ఎక్కించిన చేయి ఒకరిదే. కానీ ఎక్కించే ముందు రెండో మనిషి ఐదుగురు కొనుగోలుదారుల తగ్గింపులను క్లయింటు పంపిన జాబితాతో పోల్చి చూడాలన్నది మేము పెట్టుకున్న పద్ధతి. పని ఒత్తిడిలో మూడు నెలలుగా ఎవరూ అది చేయడం లేదు. చేయడం లేదని నాకు తెలుసు, నేను ఊరుకున్నాను. ఫైళ్ళకు ఒకేలాంటి పేర్లు పెట్టింది మరొకరు. ఒక మనిషి చేయి జారితే అది బిల్లుల దాకా వెళ్ళగలిగిందంటే, మధ్యలో పట్టుకోవలసిన మేమంతా పట్టుకోలేదని అర్థం. ఈ కారణం మెయిల్‌లో కనిపిస్తే "మేము" అన్న మాటకు బరువు వస్తుంది. మీ విషయంలో కూడా ఆ తప్పు ఏ తనిఖీని దాటుకుని వెళ్ళిందో ముందు కనుక్కోండి. అది దొరికితే మెయిల్ సగం రాసేసినట్టే.

మేము చివరికి పంపినవి రెండు మెయిళ్ళు. మొదటిది అదే రోజు 4 గంటలకు, నాలుగు వాక్యాలు: ఏమైంది, ఆపేశాం, ఎన్ని బిల్లులు తప్పుగా వెళ్ళాయో లెక్కిస్తున్నాం, రేపు 11 గంటలకల్లా పూర్తి వివరం పంపుతాం. కారణం అందులో రాయలేదు. మొదటి గంటలో మనం అనుకునే కారణం తరచూ తప్పవుతుంది, తర్వాత దిద్దుకుంటే మాట మార్చినట్టు ఉంటుంది. రెండోది మరుసటి రోజు ఇలా వెళ్ళింది:

> నమస్కారం.
>
> మంగళవారం ఉదయం 10.40 నుంచి మధ్యాహ్నం 3.25 వరకు మీ తరఫున మేము పంపిన 312 బిల్లుల్లో 47 తప్పు తగ్గింపుతో వెళ్ళాయి. ఈ తప్పు పూర్తిగా మాది. మీరు పంపిన కొత్త జాబితాకు బదులు పాత జాబితాను మేము ఎక్కించాం. ఎక్కించే ముందు రెండో వ్యక్తి సరిచూడాలన్నది మా పద్ధతి. ఆ తనిఖీ మేము చేయలేదు. చేసి ఉంటే ఇది బిల్లుల దాకా వచ్చేది కాదు.
>
> ఆ 47లో 39 ఎక్కువ మొత్తానికి, 8 తక్కువ మొత్తానికి వెళ్ళాయి. మిగిలిన 265 బిల్లులను ఒక్కొక్కటిగా కొత్త జాబితాతో పోల్చి చూశాం, అవి సరిగానే ఉన్నాయి. సరిచేసిన 47 బిల్లులు సిద్ధంగా ఉన్నాయి. మీరు సరేనన్న గంటలో పంపుతాం. తక్కువ మొత్తానికి వెళ్ళిన 8 బిల్లులను మార్చాలా, అలాగే వదిలేయాలా అన్నది మీ నిర్ణయం.
>
> ఈ రోజు నుంచి రెండో వ్యక్తి సరిచూసి ఆమోదించనిదే జాబితా సిస్టంలోకి ఎక్కదు. ఫైలు పేరులో నెల, సంవత్సరం తప్పనిసరిగా ఉంటాయి.
>
> మీ కొనుగోలుదారులకు మీరు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అందుకు కారణం మేము. క్షమించండి.

క్షమాపణ చివర్లో ఎందుకు పెట్టానంటే, పైన తప్పును ఒప్పుకోవడం ఎలాగూ మొదటి పేరాలోనే అయిపోయింది. "క్షమించండి" అన్నది దేనికో స్పష్టంగా చెప్పాలనుకున్నాను. వాళ్ళకు నిజంగా బాధ కలిగించింది మా ఫైలు కాదు, తమ కొనుగోలుదారుల ఫోన్లు ఎత్తుకోవలసి రావడం. ఆ ఇబ్బందికి పేరుపెట్టి క్షమాపణ అడిగితేనే అది వాళ్ళకు చేరుతుంది.

పంపే ముందు, ఫైలు ఎక్కించిన సహోద్యోగిని పక్కకు పిలిచి మెయిల్ చూపించాను. "నా పేరు రాయండి, మీరందరూ ఎందుకు మోయాలి?" అని అడిగారు. మూడు నెలలుగా తనిఖీ జరగకపోయినా నేను ఊరుకున్న సంగతి గుర్తుచేసి, "ఇందులో నా వాటా నేను మోస్తున్నాను, మీ వాటా మన లోపలి నివేదికలో ఉంటుంది" అన్నాను. ఆ నివేదికలో ఎవరు ఏ నిమిషానికి ఏం చేశారో పేర్లతో సహా రాసి పెట్టుకున్నాం. బయటికి వెళ్ళే మెయిల్‌లో పేరు ఉండకపోవడం వేరు, జరిగినదాన్ని చెరిపేయడం వేరు.

క్లయింటు ఎలాగూ అడుగుతారు, మమ్మల్నీ ఫోనులో అడిగారు: "ఇంతకీ ఎవరు చేశారు?" తడబడితే అంతవరకు రాసినదంతా వృథా. నేను చెప్పిన మాట ఇది: "పేరు చెబితే మీకు మళ్ళీ ఇలా జరగదన్న భరోసా రాదండీ. ఆ తనిఖీ జరగకపోవడానికి జట్టు బాధ్యురాలిగా నేను జవాబుదారీని. మీరేం అడగాలన్నా నన్ను అడగండి." ఆ తర్వాత కొంతసేపు గట్టిగానే మాట్లాడారు. కానీ పేరు మళ్ళీ అడగలేదు.

ఈ పద్ధతి పనిచేయని సందర్భాలున్నాయి. ఎవరైనా కావాలని చేసినా, తమకు అనుమతి లేని సమాచారాన్ని తెరిచినా అది జట్టు తప్పు కాదు, "మేము" అని రాయకండి. అది పై అధికారులు, న్యాయ సలహాదారులు చూసుకోవలసిన విషయం. వ్యక్తిగత సమాచారం బయటికి పొక్కితే తెలియజేయడానికి గడువులుంటాయి. యూరప్ సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం నియంత్రణ సంస్థకు చెప్పడానికి 72 గంటలే. ఒప్పందంలో తప్పుల గురించి ఏం రాసుకున్నారో కూడా ముందే చదవండి. మీ సంస్థకు వృత్తిపరమైన బాధ్యతల బీమా ఉంటే, బీమా సంస్థ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని ఆ పాలసీలో షరతు ఉండవచ్చు. అలాంటప్పుడు కూడా జరిగినవి జరిగినట్టు రాయవచ్చు. "నిర్లక్ష్యం", "నష్టపరిహారం" లాంటి చట్టపరమైన అర్థమున్న మాటలను మాత్రం వాళ్ళను అడగకుండా వాడకండి.

మరుసటి నెల మేము ఇంకో చిన్న మెయిల్ పంపాం. కొత్త నెల జాబితా ఎక్కిందని, రెండో వ్యక్తి సరిచూశారని, పోల్చి చూసిన ఐదుగురు కొనుగోలుదారుల తగ్గింపులు ఇవని రాశాం. లెక్కల అధికారి దానికి ఒక్క ముక్కలో జవాబిచ్చారు: "అందింది. ప్రతి నెలా ఇలాగే పంపండి." అప్పటి నుంచి పంపుతూనే ఉన్నాం.