జీతాల ఒప్పందం: మినిట్స్‌లో ఏం రాయాలి?

యూనియన్‌తో జీతాల చర్చ ముగిసింది. ఎవరు ఎంత అడిగారో బయటపడకుండా మినిట్స్ ఎలా రాయాలి?

ఒప్పుకున్న ఒక్కో అంశానికీ ఒకే వాక్యం రాయండి: ఎవరు, ఏం, ఎంత, ఎప్పటినుంచి. "యాజమాన్యం ఏప్రిల్ 1 నుంచి మూలవేతనం నెలకు రూ.1,800 పెంచుతుంది." అంతే. రూ.3,000 అడిగారని రాస్తే వచ్చే ఏడాది బేరం అక్కడినుంచే మొదలవుతుంది.

అంకెలు తీసేసినా మాటలు పట్టిస్తాయి. 'చివరికి', 'సవరించిన', 'యూనియన్ కోరిక మేరకు' వంటివి కనిపిస్తే కొట్టేయండి. అయితే పెంపు హాజరుతో ముడిపడి ఉంటే ఆ షరతు దాచకూడదు, అది ఒప్పందంలో భాగమే. తేలని అంశానికి "క్యాంటీన్ సబ్సిడీ: తదుపరి సమావేశానికి" అని మాత్రం చాలు. ఎవరు ఒప్పుకోలేదో వద్దు.

అందరూ లేవకముందే చదివి వినిపించి, ఇరుపక్షాల సంతకాలు తీసుకోండి. ఆలస్యమైతే ఎవరికి గుర్తున్నది వాళ్లు చేర్చమంటారు, వాదనలు మళ్లీ దూరేది అప్పుడే.