యాంకర్డ్ వీవాప్ తాకగానే కొంటే స్టాప్ లాస్ ఎందుకు కొడుతోంది?

"పెద్ద స్వింగ్ కనిష్ఠం నుంచి యాంకర్డ్ వీవాప్ గీశాను. నాలుగో రోజే ధర లైన్‌ను తాకితే కొన్నాను. స్టాప్ లాస్ కొట్టి, మళ్లీ పైకి వెళ్లింది. పొరపాటు ఎక్కడ?"

నాలుగో రోజే కొనడంలో ఉందండీ. ఆ లైన్ ఆ కనిష్ఠం తర్వాత జరిగిన లావాదేవీల సగటు ధర. సగటు కొనుగోలుదారు లాభంలో ఉన్నంతవరకే దానికి సపోర్ట్ బలం. మొదటి రోజుల్లో వాల్యూమ్ ఇంకా పోగుపడదు కాబట్టి లైన్ ధర వెంటే పరుగెత్తుతుంది.

ఊహించిన అంకెలతో చూద్దాం. మొదటి రోజు 410 దగ్గర 20 లక్షల షేర్లు, తర్వాత 420, 440 దగ్గర పదేసి లక్షలు. సగటు 420. నాలుగో రోజు 430 దగ్గర 40 లక్షలు చేతులు మారితే లైన్ ఒక్కసారిగా 425కు వస్తుంది. అదే 8 కోట్ల షేర్లు పోగయ్యాక 425 దగ్గరున్న లైన్‌ను, 445 దగ్గర జరిగే 40 లక్షల లావాదేవీలు రూపాయి కూడా కదపలేవు. పరీక్షించదగ్గ సపోర్ట్ అదీ.

అందుకే ధర ముందు లైన్‌కు బాగా దూరం వెళ్లి, కొన్ని వారాల తర్వాత తిరిగొచ్చిన సందర్భమే చూడండి. అప్పుడు కూడా తాకగానే కొనకండి. ధర లైన్ కిందికి దిగినా రోజు ముగింపు పైనే ఉండి, మర్నాడు ఆ క్యాండిల్ హై దాటితే కొని, దాని కనిష్ఠం కింద స్టాప్ పెట్టండి. భారీ వాల్యూమ్‌తో వరుసగా కిందే ముగిస్తే సగటు కొనుగోలుదారు నష్టంలో పడ్డట్టే; అదే లైన్ ఇక రెసిస్టెన్స్ కావచ్చు. అప్పుడు లైన్ సరిపోయేలా యాంకర్‌ను వేరే క్యాండిల్‌కు జరపకండి, చాలామంది చేసే పని అదే.