దుబాయ్ ఆఫర్ లెటర్‌లో ప్రొబేషన్, నోటీసు, వేరియబుల్: సంతకానికి ముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది పర్లాకిమిడి. దుబాయ్ కంపెనీలో చిల్లర్ సర్వీస్ ఇంజనీరుగా ఆఫర్ వచ్చింది. నెలకి 6,000 దిర్హాములని బరంపురం ఏజెంటు అంటున్నాడు. లెటర్‌లో మాత్రం బేసిక్ 2,400, ఇంటి అలవెన్సు 1,200, ట్రాన్స్‌పోర్టు 400, వేరియబుల్ 2,000 అని విడివిడిగా ఉంది. వేరియబుల్ ఏడాదికోసారి మార్చిలో, కన్ఫర్మ్ అయి నోటీసులో లేనివాళ్లకి, కంపెనీ విచక్షణ మేరకు ఇస్తారట. ఆరు నెలల ప్రొబేషన్, తర్వాత 60 రోజుల నోటీసు. 2026 జూలై 1న చేరమంటున్నారు. ఈ క్లాజులు కాస్త విడమర్చి చెప్పండి అన్నయ్యా.

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ 6,000 పక్కన పెట్టండి. ప్రతినెలా మీ బ్యాంకులో కచ్చితంగా పడేది 4,000. మిగతా 2,000 నెల జీతం కాదు. ఏడాదికి 24,000 అని ఒక అంకె అనుకుని, దాన్ని పన్నెండుతో భాగించి జీతం వరుసలో కూర్చోబెట్టారంతే. ఇంటికి ఎంత పంపగలరో, అప్పు ఎన్నాళ్లలో తీరుతుందో 4,000 మీదే లెక్క వేయండి.

ఈ మూడు క్లాజులూ విడివిడిగా చదివితే మామూలుగానే కనిపిస్తాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి తేదీలు వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. జూలై 1న చేరితే ప్రొబేషన్ డిసెంబరు 31తో ముగుస్తుంది. మీ కంపెనీ వేరియబుల్‌ని జనవరి నుంచి డిసెంబరు దాకా పనితీరు చూసి లెక్కగడుతుంది అనుకుందాం. ఇప్పుడు ‘కన్ఫర్మ్ అయినవాళ్లకి’ అన్న ముక్కని రెండు రకాలుగా చదవొచ్చు. డబ్బు ఇచ్చే రోజుకి కన్ఫర్మ్ అయ్యుంటే చాలు అని చదివితే, 2026లో చేసిన ఆరు నెలలకి 2027 మార్చిలో 12,000 దాకా రావొచ్చు. కన్ఫర్మ్ అయ్యాక చేసిన కాలానికే లెక్క అని చదివితే, ఆ ఆరు నెలలకి సున్నా. అప్పుడు మీ మొదటి వేరియబుల్ 2028 మార్చిలో, అంటే చేరిన ఇరవై నెలలు దాటాక. అదీ టార్గెట్ మొత్తం అందుకుంటేనే 24,000. కంపెనీ 70 శాతం అని తేలిస్తే 16,800.

ఈ రెంటిలో ఏదన్నది ఏజెంటు నోటిమాటగా కాదు, హెచ్.ఆర్. నుంచి మెయిల్‌లో రావాలి. అదే మెయిల్‌లో ఇంకో మాట కూడా అడగండి: ఆరు నెలలు నిండగానే కన్ఫర్మేషన్ దానంతటదే అయిపోతుందా, లేక ఉత్తరం ఇవ్వాలా? ఉత్తరం ఇవ్వాలన్న చోట అది నెలల తరబడి మేనేజరు టేబుల్ మీదే ఉండిపోవడం మామూలే. యు.ఏ.ఈ. కార్మిక చట్టం (2021 నాటి 33వ నంబరు, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్నది) ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు, అదే యజమాని దగ్గర రెండోసారి పెట్టకూడదు. కానీ బోనస్ కోసం ‘కన్ఫర్మేషన్ లెటర్’ అని వేరే షరతు రాసుకుంటే మీ డబ్బు దాని దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు నోటీసు. ప్రొబేషన్ దాటాక ఆ చట్టం 30 నుంచి 90 రోజుల మధ్య ఎంతైనా రాసుకోనిస్తుంది కాబట్టి మీ 60 రోజుల్లో తప్పు లేదు. చిక్కు వేరియబుల్‌తో కలిసినప్పుడు వస్తుంది. 2028 జనవరి 20న రాజీనామా ఇచ్చారనుకోండి. 60 రోజులంటే మార్చి 20 దాకా. మార్చి మొదట్లో డబ్బులిస్తే ఆ రోజుకి మీరు నోటీసులో ఉంటారు, 2027 అంతా పనిచేసినా చేతికి రాదు. మార్చి డబ్బు అకౌంట్లో పడ్డాకే రాజీనామా ఇవ్వాలని అక్కడివాళ్లందరికీ తెలుసు. కంపెనీలకీ తెలుసు, అందుకే కొన్ని చోట్ల మార్చి కాస్తా ఏప్రిల్ అవుతుంది. నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోతే 60 రోజుల జీతం మీరే కట్టాలి, మీ లెక్కలో సుమారు 8,000. కంపెనీ నోటీసు ఇవ్వకుండా పంపేస్తే అంతే సొమ్ము వాళ్లివ్వాలి.

ప్రొబేషన్‌లో ఉండగా రోజులు వేరు. కంపెనీ తీసేయాలంటే కనీసం 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ‘ప్రొబేషన్‌లో నోటీసు లేకుండానే తొలగించవచ్చు’ అని లెటర్‌లో ఉంటే కంగారు పడొద్దు. అది 1980 నాటి పాత చట్టం కాలపు మూస, మార్చకుండా వాడుతున్నారంతే. మీరు పని వదిలి దేశం విడిచి వచ్చేయాలంటే 14 రోజులు, అక్కడే వేరే కంపెనీకి మారాలంటే నెల రోజుల నోటీసు ఇవ్వాలి. మారినప్పుడు పాత కంపెనీకి నియామకపు ఖర్చు కట్టాల్సింది కొత్త కంపెనీ. నియామకపు ఖర్చు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదని చట్టంలోనే ఉంది. అయినా ‘ప్రొబేషన్‌లో మానేస్తే వీసా ఖర్చు ఉద్యోగి కట్టాలి’ అన్న వాక్యం చాలా లెటర్లలో కనిపిస్తుంది. అది మీ లెటర్‌లో ఉంటే తీసేయమనండి. చెప్పకుండా దేశం విడిచి వచ్చేస్తే మాత్రం ఏడాదిపాటు అక్కడ వర్క్ పర్మిట్ దొరకదు. ప్రొబేషన్‌లో జీతంతో కూడిన జబ్బు సెలవు కూడా ఉండదు.

బేసిక్ సంగతి కూడా చూడండి. ఏడాది పూర్తయ్యాక ఎప్పుడు మానేసినా చివర్లో వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్. మీ 2,400కి రోజుకి 80, అంటే ఏడాదికి 1,680. వేరియబుల్‌లో నుంచి 600 బేసిక్‌లోకి మార్చి 3,000 చేస్తే అదే 2,100 అవుతుంది, ప్రతినెలా చేతికొచ్చేది 4,600 అవుతుంది. నన్నడిగితే వేరియబుల్ శాతం పెంచమని బేరమాడటం కంటే ఇదే అడగాలి. పైకి 6,000 మారదు కాబట్టి ఒప్పుకునే హెచ్.ఆర్.లు ఉంటారు. అది కుదరకపోతే ‘కంపెనీ విచక్షణ మేరకు’ అన్నది తీసేసి, టార్గెట్ ఏమిటో, ఎవరు కొలుస్తారో, ఎంత శాతానికి ఎంత సొమ్మో రాయమనండి. వసూలైన సర్వీసు బిల్లు మీద ఇంత శాతం అని రాసి ఉంటే తర్వాత నిలదీయొచ్చు. విచక్షణ అన్న మాట ఉన్నంతకాలం వాదించడానికి మీ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

చివరగా కాగితం. కంపెనీ లెటర్ ఒకటి, అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ (MOHRE) నమూనాలో వచ్చే ఆఫర్ ఇంకొకటి. మీరు ఫిర్యాదు చేయాల్సి వస్తే ముందు చూసేది రెండోదాన్నే. అది అరబిక్, ఇంగ్లీషులతో పాటు మూడో భాషలోనూ ఇస్తారు, హిందీ అడగండి. బడిలో చదువుకున్న హిందీ చాలు, అంకెలూ తేదీలూ సరిచూసుకోవచ్చు. అందులో బేసిక్, అలవెన్సులు, ప్రొబేషన్, నోటీసు రోజులు కంపెనీ లెటర్‌తో అక్షరం తప్పకుండా కలవాలి. వేరియబుల్ అందులో లేకపోతే అది కంపెనీ మాట మీద ఆధారపడ్డ డబ్బే అనుకోండి. ఆఫర్ మీద ఉన్న నంబరుని ఆ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టి నిజమైనదేనా అని చూసుకోండి. ఇంకొకటి: కంపెనీ డి.ఐ.ఎఫ్.సి. అనే ఆర్థిక కేంద్రంలో గానీ, అబూధాబీలో అలాంటిదే అయిన ఏ.డి.జి.ఎం.లో గానీ నమోదై ఉంటే అక్కడి ఉద్యోగ చట్టాలు వేరు, పైన చెప్పిన రోజులు వర్తించవు. చిల్లర్ సర్వీసు కంపెనీ వాటిలో ఉండటం అరుదే, అయినా లెటర్ హెడ్ మీద చిరునామా ఒకసారి చూడండి.