రేటు తగ్గిస్తే సరిపోదు, ఏ బట్టలు ఉతకాలో మార్చుకోండి

"సిటీలో కిలో లెక్కన బట్టలు ఉతికిచ్చే షాపులు బాగా నడుస్తున్నాయి. మా చిన్న టౌన్‌లో అదే పెట్టి, రేటు కాస్త తగ్గిస్తే జనం వస్తారా?"

తగ్గించే ముందు ఒక లెక్క వేయండి. వసూలైన 100లో కరెంటు, నీళ్లు, సబ్బు, ప్యాకింగ్ కింద 60 పోతోందనుకుందాం. అద్దెకి, జీతాలకి, మెషీన్ వాయిదాకి మిగిలేది 40. రేటు 20 తగ్గించారా, ఆ 40 కాస్తా 20 అవుతుంది. అంటే రెట్టింపు బట్టలు రావాలి. చిన్న ఊళ్లో అద్దె తగ్గుతుంది నిజమే కానీ మెషీన్ ధర తగ్గదు, మెకానిక్ వస్తే దారి ఖర్చులు అదనం.

సిటీవాళ్లు డబ్బిచ్చేది టైమ్ మిగులుతుందని. ఇంట్లోనే ఉతుక్కునే ఊళ్లో రోజువారీ బట్టలు గడప దాటవు. దాటేవి ఇంట్లో ఉతకలేనివి: మందపాటి రజాయిలు, పెద్ద కర్టెన్లు, లాడ్జీల దుప్పట్లు. షాపు వాటి చుట్టూ కట్టాలి.

అయితే రజాయిలకి కిలోల లెక్క పనికిరాదు. వాటి బరువుతో పోలిస్తే ఆక్రమించే చోటు ఎక్కువ. 15 కిలోల మెషీన్‌లో మామూలు దుప్పట్లు నిండుగా పడతాయి, రజాయిలు మాత్రం రెండో మూడో. కుక్కితే అవి దొర్లవు, లోపలికి నీళ్లు పోవు, ఆరాక తెల్లటి సబ్బు చారలు తేలతాయి. డ్రమ్ పైభాగంలో జానెడు ఖాళీ ఉండాలి. అలాగని ఒక్కటే వేస్తే ఒక పక్కకి ముద్దగా చేరి, పిండే దశలో మెషీన్ ఊగిపోయి వేగం అందుకోదు. అప్పుడు నీళ్లోడుతూ బయటికొస్తుంది, ఆరబెట్టే ఖర్చు పెరిగిపోతుంది. వీలైనంతవరకు జతగా వేయండి.

అసలు ఇరుకు డ్రయ్యర్ దగ్గర. ఉతకడం అరగంట, ముప్పావుగంటలో అయిపోతే మందపాటివి ఆరడానికి గంట దాటుతుంది. సిటీ షాపు చూసొచ్చి రెండు వాషర్లు, ఒక డ్రయ్యర్ కొంటే తడి రజాయిలు క్యూ కడతాయి. ఒక వాషర్‌కి రెండు డ్రయ్యర్లు పెట్టుకోండి. తీశాక పది నిమిషాలు బయట ఉంచి, మడతపెట్టి మధ్యలో అరచేత్తో నొక్కండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, కవర్లో పెడితే ముక్కవాసన ఖాయం.

ఇక నెలవారీ మెంబర్‌షిప్, యాప్ లాంటి సిటీ హంగులు నా మటుకు దండగ. నెల జీతం లేనివాళ్లు ముందుగా నెల డబ్బు కట్టరు. సైజుని బట్టి ఒక్కోదానికి ఇంత అని గోడ మీద రాయండి, సగం ముందే తీసుకోండి. లేకపోతే ఉతికిన రజాయిలు మీ అరల్లోనే నెలల తరబడి ఉండిపోతాయి.

రజాయిలన్నీ చలి తగ్గగానే ఒక్కసారిగా వస్తాయి, మిగతా నెలల్లో మెషీన్‌ని లాడ్జీ దుప్పట్లే పోషించాలి. కాబట్టి మెషీన్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందు లాడ్జీలకి వెళ్లి, రోజుకి ఎన్ని దుప్పట్లు మారుస్తారో, ఇప్పుడు ఎవరు ఉతుకుతున్నారో, డబ్బు ఎన్నాళ్లకి ఇస్తారో కనుక్కోండి.