ఫొటోలోని స్కోర్‌షీట్ నుంచి రన్‌రేట్ ఎలా తీయాలి?

ప్రశ్న: మా టోర్నీ స్కోరర్ స్కోర్‌బుక్ పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. నేను రన్‌రేట్, కావాల్సిన రన్‌రేట్ లెక్కకట్టి, పేపర్ విలేకరికి నాలుగు లైన్ల వార్త రాసివ్వాలి. నా లెక్క ఎప్పుడూ కొంచెం తేడా వస్తోంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు:

మీ తేడా చుక్క దగ్గరే వస్తోందనుకుంటా. మా ఊళ్లో సంక్రాంతి టోర్నీకి మొదటి ఏడాది నేనూ అక్కడే పడ్డాను. 13.4 ఓవర్లంటే పదమూడు ఓవర్ల నాలుగు బంతులు. కాలిక్యులేటర్‌కి అది తెలియదు, మామూలు దశాంశం అనుకుని భాగించేస్తుంది. అందుకే నేను ఓవర్లను పక్కనపెట్టి అన్నీ బంతుల్లోకి మార్చుకుంటాను.

మా మ్యాచ్ ఒకటి చెబుతాను. మొదటి జట్టు 20 ఓవర్లలో 8 వికెట్లకు 147 చేసింది, అంటే రన్‌రేట్ 7.35. రెండో జట్టు 13.4 ఓవర్లకి 4 వికెట్లకు 92 మీద ఉంది. 13×6+4, మొత్తం 82 బంతులు. 92ని ఆరుతో గుణించి 82తో భాగిస్తే 6.73. 13.4తోనే భాగిస్తే 6.87 వస్తుంది, అది తప్పు.

కావాల్సిన రన్‌రేట్‌లో ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది. గెలవాలంటే 148 చేయాలి, 147 కాదు. ఇంకా 56 పరుగులు, 38 బంతులు. 56×6ని 38తో భాగిస్తే 8.84. 20లోంచి 13.4 తీసేసి 6.6 ఓవర్లున్నాయనుకుంటే 8.48 వస్తుంది. అసలు 6.6 ఓవర్లు అనేదే ఉండదు, ఆరో బంతి పడితే అది 7. ఫొటోలో చుక్క తర్వాత 6 గానీ అంతకంటే పెద్ద అంకె గానీ కనిపిస్తే చదవడంలో తప్పు జరిగిందనుకోండి.

ఎక్సెల్‌లో చేస్తే ఓవర్లు A2లో ఉన్నప్పుడు బంతులు ఇలా వస్తాయి:

```
=INT(A2)*6+ROUND((A2-INT(A2))*10,0)
```

ఇక ఫొటో సంగతి. లెక్క కంటే నాకు ఎక్కువ తలనొప్పి ఇదే. ఆ 147 ఇన్నింగ్స్‌లో బ్యాటర్ల పరుగులు నేను చదివినవి 41, 12, 33, 9, 17, 6, 4, 2, 5, 0. కలిపితే 129, ఎక్స్‌ట్రాలు 13, మొత్తం 142. ఐదు తగ్గాయి. తప్పు మొత్తంలో ఉందా, ఎవరి పరుగుల్లోనైనా ఉందా? అప్పుడు బౌలర్ల వైపు చూశాను. వాళ్లిచ్చిన పరుగులు 143, బైలు 3, లెగ్‌బై 1, కలిపితే 147. అంటే మొత్తం సరైనదే, బ్యాటర్లలో ఎవరిదో తప్పు చదివాను. తేడా ఐదంటే ముందు 3, 8 తడబడ్డాయేమో చూడండి, ఆరంటే 1, 7. ఫొటో పెద్దది చేసి ఆ మూడో బ్యాటర్ వరుసలో బంతి బంతికీ వేసిన అంకెలు కూడితే 38 వచ్చింది. వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలోకి వెళ్తాయి కానీ ఓవర్‌లో బంతిగా లెక్కకు రావు. వాటినీ బంతులుగా కలిపితే ఓవర్లు ఎక్కువొస్తాయి.

పుస్తకం మడత దగ్గర బౌలింగ్ వరుస సగం నీడలో పోతుంది కాబట్టి మీ స్కోరర్‌ని ఒక్కో పేజీకి విడివిడిగా, పైనుంచి నిటారుగా తీయమనండి.

పాయింట్ల పట్టికలో నెట్ రన్‌రేట్ కూడా చూస్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 16.3 ఓవర్లకే ఆలౌటైన జట్టుకి పట్టికలో 20 ఓవర్లూ లెక్కేస్తారు. ఈ లెక్కలు పెద్దవాళ్లకీ తప్పుతాయి. 2023 ఆసియా కప్‌లో లాహోర్‌లో అఫ్గానిస్థాన్ 292 లక్ష్యాన్ని 37.1 ఓవర్లలో అందుకుంటే ముందుకెళ్లేది. ఆ బంతి దాటినా, స్కోరు సమమయ్యాక సిక్సర్‌తో ముగిస్తే ఇంకా అవకాశముందన్న సంగతి తమకెవరూ చెప్పలేదని కోచ్ జొనాథన్ ట్రాట్ తర్వాత అన్నాడు. 289కే ఆలౌటయ్యారు.

వార్తకి మొదటి వాక్యంలో ఎవరు, ఎంత తేడాతో గెలిచారో చెప్పండి. రన్‌రేట్లన్నీ కుక్కొద్దు, మ్యాచ్ మలుపు తిరిగిన చోట ఒక్క లెక్క చాలు. ఆ రోజు నేనిచ్చింది ఇదీ:

"ఆదివారం జరిగిన మ్యాచ్‌లో తూర్పు వీధి జట్టు 4 వికెట్ల తేడాతో పడమర వీధి జట్టుపై గెలిచింది. తొలుత బ్యాటింగ్ చేసిన పడమర వీధి 20 ఓవర్లలో 8 వికెట్ల నష్టానికి 147 పరుగులు చేసింది. ఛేదనలో 38 బంతుల్లో 56 పరుగులు కావాల్సిన దశలో తూర్పు వీధి బ్యాటర్లు ధాటిగా ఆడి, మరో 4 బంతులు మిగిలుండగానే 6 వికెట్లకు 149 పరుగులతో లక్ష్యాన్ని చేరుకున్నారు."

149 ఎందుకంటే 145 దగ్గర ఫోర్‌తో ముగించారు. విలేకరి అది 148 అని దిద్దబోయాడు, ఫోన్ చేసి ఆపాల్సి వచ్చింది.